ఏ వైపు మామయ్య?

"నల్లగా నింపిన చదరం అంటే జబ్బున్న మగవాడు బాబాయ్. నల్లగా నింపిన సున్నా అంటే జబ్బున్న ఆడమనిషి. ఖాళీగా వదిలేస్తే బాగున్నవాళ్ళు. ఏటవాలుగా గీత కొట్టేస్తే ఆ మనిషి ఇప్పుడు లేడని. అంతే. ఇందులో మీకు అర్థం కానిదేముంది?"

"మరి ఈ సున్నాకి బొట్టు పెట్టావేంటమ్మా?"

"బొట్టు కాదు, చుక్క. ఈవిడకి జబ్బు లేదు, కానీ మోస్తోంది. క్యారియర్ అంటాం. పైకి మనలాగే మామూలుగా ఉంటుంది. తను మోస్తున్న సంగతి తనకే తెలీకపోవచ్చు."

ఆ అమ్మాయి నా బైండింగు షాపులో, కుట్టుబల్లకి అటువైపు స్టూలు మీద కూర్చుని, మిగిలిపోయిన అట్టముక్క మీద పెన్సిలుతో గీస్తూ చెబుతోంది. నేను ఇటువైపు కూర్చుని, ఊడిపోయిన పుస్తకాలకు దారం కుడుతూ వింటున్నాను. మా షాపు మెడికల్ కాలేజీ వెనక గేటుకి ఎదురుగా ఉంటుంది. ఏళ్ళ తరబడి లావుపాటి వైద్య పుస్తకాలు నా చేతుల్లో విడిపోయి, మళ్ళీ ఒక్కటవుతున్నాయి. కుట్టేముందు ఒకటీ అరా పేజీ చదవడం నాకు అలవాటు. ఎక్కింది ఎక్కుతుంది, ఎక్కనిది జిగురు కింద పోతుంది.

ఆ అమ్మాయి ఎంబీబీఎస్ పాసై పగటిపూట ఒక చిన్న నర్సింగ్ హోంలో డ్యూటీ డాక్టరుగా పనిచేస్తోంది. సాయంత్రాలు పీజీ ప్రవేశ పరీక్షకి చదువుతోంది. రెండుసార్లు రాసింది, రెండుసార్లూ గడప దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. ఈ రోజుల్లో వట్టి ఎంబీబీఎస్ అంటే సగం డాక్టరేనని కాలేజీ కుర్రాళ్ళు ఎవరో అన్న మాట ఆమెకే అంటుకుంది. ‘సగం డాక్టరమ్మ’ అంటే ఈ వీధిలో అందరికీ తెలుసు. తనే నవ్వుతూ చెప్పుకుంటుంది, ఇంకొకరు చెప్పేలోపు.

ఇంట్లో చదువుదామంటే పక్కవాళ్ళ టీవీ గోడ దాటి వస్తుందట. అందుకని ఇక్కడికి వస్తుంది. ఆమె చదివే పద్ధతి వేరు. పుస్తకం మూసేసి, ఏమీ తెలియనివాడికి చెప్పాలి. ఆ ఏమీ తెలియనివాడిని నేను. "మీకు అర్థమైతే నాకు వచ్చినట్టు. మీరు బుర్ర ఊపి ఊరుకుంటే నాకు రానట్టు" అంటుంది. కాబట్టి అర్థం కాకుండా తలూపే స్వేచ్ఛ నాకు లేదు.

"వంశపారంపర్య జబ్బులమీద వచ్చే ప్రశ్నలు నాలుగో ఐదో" అంది ఆ సాయంత్రం. "కానీ అవి చేతికందే మార్కులు. లెక్కలు. ఇంత కథ ఇచ్చి, ఆ పుట్టబోయే బిడ్డకి అవకాశం ఎంత అనడుగుతారు. నేను రెండుసార్లూ అక్కడే పోగొట్టుకున్నాను. సిగ్గుచేటు."

"అంత కష్టమా?"

"కష్టం కాదు, తొందర. చూడండి." నా కత్తిరింపుల బుట్టలోంచి ఒకే కొలత అట్టముక్కలు నాలుగు ఏరి బల్లమీద పరిచింది. "అమ్మా నాన్నా ఇద్దరూ మోసేవాళ్ళు. ఇద్దరికీ జబ్బు లేదు. ఒక్కొక్కళ్ళ దగ్గర ఒక మంచి జన్యువు, ఒక చెడ్డది. బిడ్డకి ఇద్దరూ చెరొకటి ఇస్తారు. నాలుగు రకాలుగా కుదురుతుంది. మంచీ మంచీ ఒకటి. మంచీ చెడూ, చెడూ మంచీ, ఇవి రెండు. చెడూ చెడూ ఒకటి. ఈ చివరి ముక్కకే జబ్బు. అంటే పావువంతు. సరేనా?"

"సరే."

"ఇప్పుడు ఆ ఇంట్లో ఒక పిల్లాడికి జబ్బుంది. వాడి అక్క బాగానే ఉంది. ఆ అక్క మోసేదయ్యే అవకాశం ఎంత?"

నేను నాలుగు ముక్కల వంకా చూశాను. "రెండు ముక్కలు మోసేవి. నాలుగింట్లో రెండు. సగం."

"అందరూ అక్కడే పడతారు! ఆ అక్క బాగానే ఉందని చెప్పాను కదా బాబాయ్. అంటే ఈ చెడూ చెడూ ముక్క ఆవిడ కాదు." ఆ ముక్కని వేలితో బల్లమీంచి తోసేసింది. "ఇప్పుడు మిగిలినవెన్ని?"

"మూడు. అందులో రెండు మోసేవి... మూడింట రెండు వంతులు!"

"అదీ. తెలిసిన సంగతిని లెక్కలోంచి తీసెయ్యాలి. అలాంటి అక్క, ఇంకో ఇంట్లో అదే జబ్బున్నవాడి అన్నని, బాగున్నవాణ్ణి, చేసుకుందనుకోండి. ఆవిడకి మూడింట రెండు, అతనికి మూడింట రెండు, ఇద్దరూ మోసేవాళ్ళయితే బిడ్డకి పావు. మూడూ గుణించండి."

సూది పక్కన పెట్టి అట్టమీద లెక్క వేశాను. తొమ్మిదింట ఒకటి వచ్చింది. వచ్చినందుకు నాకే ముచ్చటేసింది. ఆమె చప్పట్లు కొట్టి, "సీటు మీకే ఇచ్చేస్తారు, నేనొచ్చి జిగురు కలుపుతాను" అంది.

అలా ఒక్కొక్క సాయంత్రం ఒక్కొక్క వరస. తరం తప్పకుండా దిగుతూ, తండ్రినుంచి కొడుక్కి కూడా వెళుతూ, పిల్లల్లో సగానికి సగం అవకాశంతో వచ్చేది ఒకటి. తల్లి దగ్గర్నుంచి పిల్లలందరికీ పోయి, తండ్రి దగ్గర్నుంచి ఒక్కరికీ పోనిది ఇంకొకటి. చార్టు చూడగానే ఇది ఏ వరసో ముందు గుర్తుపట్టాలి, తర్వాతే లెక్క. "ఇంటికొచ్చిన చుట్టాన్ని వరస తెలీకుండా పిలవం కదా, ఇదీ అంతే" అనేది.

అన్నింట్లోనూ ఒక్క వరస దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆమె గొంతు మారేది. దానికి తనే పేరు పెట్టింది, ‘మేనమామ పోలిక’ అని.

"మేనల్లుడికి మేనమామ పోలిక అంటారు చూశారా, కొన్ని జబ్బులు అక్షరాలా అలాగే వస్తాయి. ఎక్స్ అనే క్రోమోజోమ్ మీద కూర్చుని వస్తాయి. ఆడవాళ్ళకి ఎక్స్‌లు రెండు. ఒకటి చెడ్డదైనా రెండోది కాపాడుతుంది. కాబట్టి మోస్తారు. మగవాళ్ళకి ఎక్స్ ఒక్కటే, ఇంకోటి వై. ఆ ఒక్క ఎక్స్ చెడితే అడ్డుకునేవాళ్ళు లేరు. అమ్మమ్మ మోస్తుంది, మేనమామకి జబ్బు వస్తుంది, అమ్మ మోస్తుంది, కొడుక్కి వస్తుంది. హీమోఫిలియా అలాంటిదే. రక్తం గడ్డకట్టదు. చిన్న దెబ్బకే లోపల్లోపల కారుతూ ఉంటుంది."

ఒకరోజు సమాధానాల పుస్తకం నా చేతికిచ్చి ప్రశ్నలు అడగమంది. నేను అడిగాను. "హీమోఫిలియా ఉన్న తండ్రి. తల్లికి ఏమీ లేదు. వాళ్ళ కూతురు క్యారియర్ అయ్యే అవకాశం?"

"సగం."

"తప్పని ఉందమ్మా."

"ఛ! మొన్న కూడా ఇదే తప్పు చేశాను." నుదురు కొట్టుకుంది. "తండ్రికి ఉన్నది ఒక్క ఎక్స్. కూతురికి ఇస్తే దాన్నే ఇవ్వాలి, వేరేది లేదు. కూతురు ఖాయంగా మోస్తుంది. నూటికి నూరు. కొడుక్కి వై ఇస్తాడు, కాబట్టి కొడుక్కి రాదు. తెలుసు బాబాయ్, తెలిసే సగం అనేస్తాను. ఎప్పుడూ నా కన్ను తల్లి వైపే పోతుంది."

"ఎందుకలా?"

అట్టమీద ఒక చదరం గీసింది. నల్లగా నింపింది. ఏటవాలుగా గీత కొట్టింది. దాని పక్కన ఒక సున్నా, దాని కింద ఇంకో సున్నా.

"ఇది మామయ్య. ఇది అమ్మ. కింద ఉన్నది నేను" అంది. "మామయ్య ఫొటో ఇంట్లో ఉంది. నేను పుట్టకముందే పోయాడు. అమ్మ ఆయన మాటెత్తదు, మేం అడగం. నా చిన్నప్పుడు ఆడుకుంటూ మోకాలు చీరుకుని వస్తే, మా నాన్నమ్మ పసుపు నొక్కిపెట్టి అనేది, ‘జాగ్రత్త తల్లీ, మామయ్యకీ ఇలాగే, తెగితే ఆగేది కాదు’ అని. అప్పుడు అర్థం కాలేదు. మెడికల్ కాలేజీలో ఈ పాఠం చెప్పినరోజు అర్థమైంది. అందరూ నోట్సు రాసుకుంటుంటే నేను నా లెక్క వేసుకున్నాను. అమ్మమ్మ మోసేదైతే అమ్మకి సగం, నాకు పావు. రేపు నాకు కొడుకు పుడితే వాడికి దానిలో సగం."

"పరీక్ష చేయించుకోవచ్చు కదమ్మా?"

"చేయించుకోవచ్చు. చదువుకున్నవాళ్ళకే భయం ఎక్కువ బాబాయ్. సంబంధాలు వస్తున్నాయని అమ్మ అంటుంటే, పీజీ అయ్యాక చూద్దాం అని తోసేస్తున్నాను. పీజీ పరీక్ష ఒక సాకు. ఆ పావు ఏళ్ళుగా నా దగ్గరే ఉంది."

దారానికి మైనం రాసుకుంటూ కూర్చున్నాను. కొన్నిసార్లు వినడం కంటే పనికొచ్చేది ఏదీ నాకు దొరకదు.

తర్వాత రెండు మూడు రోజులు ఆమె రాలేదు. వచ్చిన రోజు స్టూలు మీద కూర్చోకుండా నిలబడే చెప్పడం మొదలుపెట్టింది. ముఖం ఉతికి ఆరేసినట్టుంది.

"నిన్న అమ్మని అడిగేశాను బాబాయ్. మామయ్యకి రక్తం గడ్డకట్టేది కాదట కదా అని. అమ్మ కూర తరుగుతోంది. కత్తిపీట మీంచి తలెత్తి, ‘ఏ మామయ్య?’ అంది."

"ఏ మామయ్య ఏంటి?"

"నేనూ అదే అన్నాను. గోడమీద ఫొటో చూపించాను. ‘మా అన్నయ్యకేమొచ్చింది? పచ్చకామెర్లు ముదిరి పోయాడు, కాలేజీలో చదివేటప్పుడు. రక్తం ఆగనిది మీ అత్త మొగుడికి’ అంది. అంత తేలిగ్గా! ‘మీ నాన్నమ్మ నోట్లో మామయ్యంటే వాళ్ళ అల్లుడు కాక మా అన్నయ్య ఎందుకవుతాడే పిచ్చిదానా’ అని నవ్వింది కూడా."

నా సూది ఆగిపోయింది. మన భాషలో అమ్మకి అన్నో తమ్ముడో అయినా మామయ్యే, మేనత్త మొగుడూ మామయ్యే. ఒకరిది మన రక్తం. ఇంకొకరిది కాదు. ఆ నాన్నమ్మ ‘మేనమామ’ అనో, ‘అత్త వాళ్ళాయన’ అనో ఒక్క మాట అనుంటే ఈ పిల్లకి ఇన్నేళ్ళ బరువు తప్పేది.

"మరి మీ నాన్నకి తెలుసు కదా?"

"నాన్న వాళ్ళ బావగారి మాటొస్తే పేపరు అడ్డం పెట్టుకుంటాడు. నేను నాన్న నొచ్చుకుంటున్నాడనుకున్నాను, ఇంకేదో దాస్తున్నాడనుకోలేదు."

"అయితే నీకేం లేనట్టే కదా! నీ సున్నా ఖాళీ సున్నాయే!" నాకు నిజంగానే సంతోషమేసింది. జిగురు గిన్నె పక్కకి జరిపి టీ చెప్పబోయాను.

"నేనూ అలాగే గంతేశాను బాబాయ్. రాత్రి హాయిగా నిద్రపట్టింది. పొద్దున్నే లేచి, సరదాకి, చార్టు మళ్ళీ సరిగ్గా గీద్దామని కూర్చున్నాను." ఇప్పుడు స్టూలు మీద కూర్చుంది. అట్టముక్క తీసుకుని గీసింది. ఈసారి నాన్న చదరం, దాని పక్కన నాన్న అక్క సున్నా. అక్కణ్ణుంచి పెళ్ళిగీత లాగి, చివర నల్ల చదరం. దానిమీద ఏటవాలు గీత. ఆ ఇద్దరి మధ్యనుంచి కిందికి గీత దింపి, ఒక సున్నా.

"ఇది వదిన" అంది.

నేను ఆ సున్నా వంక చూశాను. ఆమె నా వంక చూసింది.

"అడగండి బాబాయ్. పుస్తకంలో ఉన్నట్టే అడగండి."

"హీమోఫిలియా ఉన్న తండ్రి" అన్నాను. "తల్లికి ఏమీ లేదు. కూతురు..."

"నూటికి నూరు" అంది. సున్నా మధ్యలో చుక్క పెట్టింది. పెన్సిలు మొన విరిగింది. "ఈసారి తప్పు చెయ్యలేదు చూశారా."

వదినకి నాలుగేళ్ళ కొడుకున్నాడు. బాగానే ఉన్నాడు. వదిన కింద వాడిది ఒక ఖాళీ చదరం గీసింది. దాని పక్కన మూలమీద నిలబెట్టిన చదరంలాంటి గుర్తు ఒకటి గీసింది. ఆడో మగో తెలియని, ఇంకా పుట్టని బిడ్డకి అలా గీస్తారట.

"వదినకి ఇంకో నెలలో కాన్పు. వాళ్ళ నాన్న స్కూటరు మీంచి పడి పోయాడనే తనకి తెలుసు. అప్పుడు ఐదేళ్ళది. అత్త అంతకుమించి తనకి ఏమీ చెప్పలేదు. ఈ బిడ్డ మగపిల్లాడైతే, బొమ్మా బొరుసూ. ఆడో మగో తెలియనప్పుడు, పావు. అదే పావు బాబాయ్. నా దగ్గర్నుంచి లేచి వెళ్ళి వదిన ఒళ్ళో కూర్చుంది."

"తెలిసి ఇప్పుడేం చెయ్యగలం తల్లీ?"

"చాలా చెయ్యొచ్చు!" కోపంగా అంది, నామీద కాదు. "కాన్పు చేసే డాక్టరుకి తెలియాలి. మోసేవాళ్ళలో కొందరికి వాళ్ళ రక్తం కూడా సరిగ్గా గడ్డకట్టదు, కాన్పులో ఎక్కువ పోతుంది. ముందే పరీక్ష చేసుకుని సిద్ధంగా ఉండొచ్చు. బిడ్డ తలకి పరికరాలు పెట్టి లాగకూడదు, లోపల రక్తం కారుతుంది. పుట్టగానే బొడ్డుతాడు రక్తం పరీక్షకి పంపాలి. అది వచ్చేదాకా బిడ్డ తొడకి సూది పొడవకూడదు. ఇవన్నీ చేస్తే ఏమీ కాకుండా బయటపడొచ్చు. ఎవరికీ తెలీకపోతేనే..."

సరిగ్గా అప్పుడే గుమ్మంలో చెప్పుల చప్పుడు. వచ్చింది వాళ్ళ అత్తే. ఆవిడ ఈ పక్కవీధి స్కూల్లో లైబ్రరీ చూస్తుంది. చిరిగిన పుస్తకాలన్నీ నాకే పంపుతుంది.

"మాస్టారూ, నా అట్లాసులు ఇప్పుడే ఇస్తారా, దేశాలు మారిపోయాక ఇస్తారా?" అంటూ లోపలికొచ్చి మేనకోడల్ని చూసింది. "నువ్విక్కడున్నావా? మీ అమ్మేమో పిల్ల చదువుతోంది, చదువుతోంది అంటుంది. జిగురు వాసన చూస్తే సీటొస్తుందిటే?"

"వదిన ఎలా ఉంది అత్తా?"

"కాళ్ళు వాచాయి. పెద్దాణ్ణి నామీద వదిలేసి మంచం దిగట్లేదు. వాడు నన్ను కూర్చోనివ్వడు. ఏం, అలా చూస్తున్నావేం?"

నేను అట్లాసుల కట్ట కోసం లేచాను. కట్టకి తాడు వెయ్యడం మొదలుపెట్టి, ఆగిపోయాను.

"అత్తా, మామయ్యకి దెబ్బ తగిలితే రక్తం ఆగేది కాదా?"

ఆవిడ చేతిసంచీ బల్లమీద పెట్టబోతూ, పెట్టకుండా మళ్ళీ భుజానికి తగిలించుకుంది.

"ఎవరన్నారు?"

"నాన్నమ్మ. నా చిన్నప్పుడు."

"చచ్చి ఏ లోకాన ఉన్నా ఆవిడ నోరు ఆగదు కదా. మామయ్య స్కూటరు మీంచి పడి పోయారు. ఊరందరికీ తెలిసిన సంగతే."

"పడ్డందుకు కాదత్తా. పడ్డాక ఆగనందుకు."

"ఓహో! పరీక్ష పాసవ్వడం చేతకాక మా ఇంటిమీద పడ్డావా? సగం డాక్టరువి, సగం తెలుసుకుని నా కూతురికి జబ్బు అంటగడతావా?"

"వదినకి జబ్బని నేననలేదు..."

"అనకు! నా మనవడు కోతిలా గెంతుతున్నాడు. మొన్న గుమ్మం తగిలి నుదురు చిట్లితే రెండు నిమిషాల్లో ఆగిపోయింది. నేను చూడలేదనుకున్నావా? వాడు పుట్టినప్పట్నుంచీ నేను చూసేది అదే." ఆ మాట జారిందని ఆవిడకే తెలిసింది. గొంతు తగ్గింది. "వాడికి రాలేదు. అంటే ఇక రాదు."

"వాడు తప్పించుకున్నాడత్తా, అంతే. ఒకసారి బొమ్మ పడింది కదా అని నాణేనికి గుర్తుంటుందా? మళ్ళీ ఎగరేస్తే మళ్ళీ మొదటికే."

"అయితే ఆడపిల్లే పుడుతుంది."

"పుట్టనీ. అయినా వదినకి కాన్పు కావాలిగా. నువ్వు ఒక్క మాట డాక్టరుకి చెబితే చాలు. నన్ను తిట్టు, కొట్టు, కానీ చెప్పు."

"నీకేమ్మా!" అంది అత్త. "నీ రక్తం కాదుగా. మీ అమ్మ చెప్పే ఉంటుంది, మనకేం లేదు లేవే అని. హాయిగా నిద్రపోయుంటావు కూడా."

సగం డాక్టరమ్మ తల దించుకుంది. నిద్రపోయిన మాట నిజమే కదా.

అప్పుడు అత్త చూపు బల్లమీద అట్టముక్క మీద పడింది. లైబ్రరీలో ఏళ్ళుగా పనిచేసిన మనిషి. పాఠ్యపుస్తకాల్లో ఆ చదరాలూ సున్నాలూ చూసే ఉంటుంది. వేలు తీసుకెళ్ళి సూటిగా ఆ నల్ల చదరం మీద, దాని ఏటవాలు గీత మీద పెట్టింది.

"ఇదేనా ఆయన?"

వేలు అక్కడే ఉంచింది.

"ఇంతేనా?" అంది. "పాటలు పాడేవాడు. అన్నం తినేటప్పుడు కూడా కూనిరాగమే. మంచం మీంచి లేవలేని రోజుల్లో పిల్లని పొట్టమీద కూర్చోబెట్టుకుని పాడేవాడు. ఆయన ఎలా ఉండేవాడని ఇన్నేళ్ళలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు అడిగిన పాపాన పోలేదు. పోయినరోజు నుంచీ అందరికీ పిల్ల పెళ్ళి ఎలా అవుతుందన్న బెంగే. నోరు మూసుకోమన్నది మీ నాన్నే. మూసుకున్నాను. పెళ్ళి చేశాను. ఇప్పుడొచ్చి నోరు తెరవమంటే ఎలా తెరుస్తానే? ‘అమ్మా, నీకు ముందే తెలుసా’ అని అది అడిగితే ఏం చెప్పను?"

వేలు తీసేసి, వేలికి అంటిన పెన్సిలు నలుపు కొంగుకి తుడుచుకుంది. గిరుక్కున తిరిగి మెట్లు దిగి వెళ్ళిపోయింది. అట్లాసుల కట్ట తాడు సగం ముడితో నా చేతిలోనే ఉండిపోయింది.

ఆమె అట్టముక్క వంకే చూస్తోంది.

"నేను చేసిన తప్పు తెలిసింది బాబాయ్" అంది చివరికి. "ఇందాక మీరు అడిగితే లెక్క సరిగ్గానే చెప్పాను. ఆవిడని మాత్రం ప్రశ్న అడిగినట్టు అడిగాను. కథ వినకుండా జవాబు చెప్పేశాను."

"అయినా జవాబు తప్పు కాదుగా."

"కావచ్చు కూడా! అదే నా బెంగ. రక్తం ఆగని జబ్బులన్నీ ఒక్క వరస కాదు. ముక్కులోంచి, చిగుళ్ళలోంచి కారేది ఒకటుంది. అది ఆడా మగా చూడదు, తండ్రినుంచి కొడుక్కీ వస్తుంది, సగంసగం. కీళ్ళు వాచి, మోకాళ్ళలో రక్తం చేరితే అది హీమోఫిలియా దారి. ఇందాక అత్త మంచం మీంచి లేవలేని రోజులు అంది, విన్నారా? మోకాళ్ళేమో. ఆయన మేనమామలకీ ఉండేదేమో. రక్తాన్ని గడ్డకట్టించే ఫ్యాక్టర్లలో లోపించింది ఎనిమిదోదని అప్పటి డాక్టరు అన్నాడో, తొమ్మిదోదని అన్నాడో. ఇవన్నీ ఈ భూమ్మీద ఒక్క మనిషికే తెలుసు. ఆ మనిషిని ఇప్పుడే నేను తరిమేశాను."

"వదినకి నువ్వే చెప్పెయ్యకూడదా?"

"చెబుతాను. అత్త చెప్పకపోతే రేపు సాయంత్రం నేనే వెళ్ళి చెబుతాను. నన్ను ఆ గడప తొక్కనివ్వకపోయినా సరే. కానీ తండ్రి సంగతి తల్లి నోటినుంచి వినడం వేరు, పరీక్షకి చదువుకుంటున్న మరదలి నోటినుంచి వినడం వేరు. కాన్పు ముందు ఆ రెండోది నేను చెయ్యకూడదు, గత్యంతరం లేకపోతే తప్ప."

లేచి, అట్లాసుల కట్ట నా చేతిలోంచి తీసుకుంది. నేను సగంలో వదిలేసిన ముడిని తనే బిగించింది. మళ్ళీ నా చేతుల్లోనే పెట్టింది.

"ఇవి ఎలాగూ ఇవ్వాలిగా బాబాయ్. స్కూలుకి కాదు, ఇంటికి పట్టుకెళ్ళండి. ఇప్పుడే వెళ్ళండి, షాపు నేను చూస్తాను. జబ్బు మాట ఎత్తొద్దు. నా మాట అసలెత్తొద్దు. మామయ్య ఏ పాటలు పాడేవాడని అడగండి. ఆవిడ చెబుతుంది. చెబుతూ చెబుతూ మంచం దాకా వస్తుంది, మోకాళ్ళ దాకా వస్తుంది. అప్పుడు మాత్రం నాకు చేసినట్టు చెయ్యండి. అర్థం కాకపోతే తలూపకండి."